యెషయా 9:6 ఎక్కడికీ పోలేదు, ఒక వచనం పైన చూడు

"అన్నా, వందనాలు. మా సంఘంలో యవ్వనస్థుల బైబిల్ స్టడీ నేనే చూసుకుంటున్నాను. 'మనకు శిశువు పుట్టెను' అనే యెషయా 9:6 యూదుల బైబిల్‌లో ఎలా ఉందో చూద్దామని నెట్‌లో తెరిస్తే 9:6లో ఆ మాటే లేదు. మలాకీలో నాలుగో అధ్యాయమే లేదు. 51వ కీర్తనలో 19 వచనాలు ఉండాల్సింది 21 ఉన్నాయి. గ్రూపులో ఒకతను యూదులు తీసేశారంటాడు, ఇంకొకతను మనవాళ్లే మార్చేశారంటాడు. ఆదివారం అందరికీ చెప్పాలి, టెన్షన్‌గా ఉంది. ఏది నిజం?"

వందనాలు తమ్ముడూ. రెండూ నిజం కాదు. ముందు ఆ పేజీనే మళ్లీ తెరిచి 9:6 కాకుండా 9:5 చదువు. శిశువు పుట్టిన మాట అక్కడే ఉంటుంది. నువ్వు 9:6లో చూసింది దావీదు సింహాసనం గురించిన వచనం, అది మన తెలుగు బైబిల్‌లో 9:7. ఇప్పుడు ఇంకొంచెం పైకి వెళ్లు. చీకటిలో నడిచే జనులు గొప్ప వెలుగు చూశారన్న మాట మనకి 9:2, అక్కడ 9:1. మరి జెబూలూను, నఫ్తాలి దేశాల పేర్లు వచ్చే మన 9:1 ఏమైంది? అది ఎనిమిదో అధ్యాయం చివర 8:23గా ఉంది. జరిగింది ఇంతే. ఒక్క వచనం గోడకి అటువైపు ఉండిపోయింది, దానివల్ల తొమ్మిదో అధ్యాయం మొత్తం ఒక అంకె వెనక్కి జరిగింది.

దీన్ని మీవాళ్లకి నోటితో చెప్పడం కంటే లెక్కపెట్టించి చూపించు. మన బైబిల్‌లో యెషయా ఎనిమిదిలో 22 వచనాలు, తొమ్మిదిలో 21, కలిపితే 43. హీబ్రూలో ఎనిమిదిలో 23, తొమ్మిదిలో 20, కలిపితే మళ్లీ 43. తీసేసి ఉంటే మొత్తం తగ్గాలి కదా. పదో అధ్యాయానికి వచ్చేసరికి రెండూ మళ్లీ ఒకే అంకె మీద నడుస్తాయి. 1947 నుంచి మృతసముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో బయటపడ్డ చుట్టల్లో యెషయా గ్రంథం దాదాపు పూర్తిగా దొరికింది. క్రీస్తుకి ముందే యూదులు రాసుకున్న చుట్ట అది. అందులో ఈ శిశువు మాట ఉంది. అంకెలు మాత్రం ఒక్కటీ లేవు.

ఒక్క జాగ్రత్త. యూదుల ఇంగ్లీషు అనువాదం చదివితే ఆ వచనంలో మాటలు కూడా కొంచెం వేరుగా కనిపించొచ్చు. 1917లో వచ్చిన జేపీఎస్ అనువాదంలో అయితే ఆ బిరుదులన్నీ అనువదించకుండా ఒకే పొడుగాటి హీబ్రూ పేరుగా ఉంచేశారు. అది అనువాదం గురించి నిజంగానే ఉన్న చర్చ, ఎప్పటినుంచో ఉంది. దాన్నీ అంకెల తేడానీ కలిపి మాట్లాడారంటే ఆదివారం మీ మీటింగ్ ఎటో వెళ్లిపోతుంది, కాబట్టి రెంటినీ విడివిడిగా పెట్టుకో.

ఇప్పుడు అసలు కారణానికి వద్దాం. మనకి చిన్నప్పటినుంచి వచనం, దాని అంకె కలిసే కంఠతా వచ్చాయి గనుక అంకె కూడా లేఖనంలో భాగమే అనిపిస్తుంది. కానీ వచనం ఎక్కడ ముగియాలి అన్నది ఒక కాలంలో, అధ్యాయం ఎక్కడ మొదలవ్వాలి అన్నది ఇంకో కాలంలో, వాటి పక్కన అంకెలు వేయడం మరో కాలంలో, వేరు వేరు మనుషులు చేసిన పనులు. పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు రెండూ ఉన్న ఇల్లు చూశావుగా, ఇల్లు అదే, ఉత్తరం మాత్రం పక్కింటికి పోతుంది.

వచనాల హద్దులు యూదులు పెట్టుకున్నవి, బాగా పాతవి. హీబ్రూ పాఠాన్ని అక్షరం అక్షరం కాపాడుకుంటూ వచ్చిన మసోరా పండితులు ప్రతి వచనం చివర రెండు చుక్కలు పెట్టారు, మన కోలన్‌లా నిలువుగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఎంత జాగ్రత్త అంటే ఒక్కో గ్రంథంలో ఎన్ని వచనాలున్నాయో చివర్లో లెక్క కూడా రాసేవాళ్లు. అయినా ఒక్క వచనానికీ నంబరు వేయలేదు. ఇప్పుడు పండితులు ఎక్కువగా వాడే హీబ్రూ ప్రతి, లెనిన్‌గ్రాడ్ కోడెక్స్, 1008 ప్రాంతంలో రాసింది, అందులోనూ అధ్యాయం అంకె గానీ వచనం అంకె గానీ ఉండవు.

అధ్యాయాలేమో క్రైస్తవుల వైపు నుంచి వచ్చాయి. 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఆయన లాటిన్ బైబిల్‌ని ఇప్పుడు మనం వాడే అధ్యాయాలుగా విడగొట్టాడని చెబుతారు. పారిస్‌లో పాఠాలు చెప్పి, తరువాత కాంటర్‌బరీకి ఆర్చిబిషప్ అయిన మనిషి. మరి యూదుల బైబిల్‌లోకి ఆ అధ్యాయాలు ఎలా వచ్చాయి అంటే, ఆ రోజుల్లో యూరప్‌లో యూదులకీ క్రైస్తవులకీ మతం మీద వాదాలు జరిగేవి. అవతలివాళ్లు అధ్యాయం నంబరు చెప్పి వచనం ఎత్తితే, హీబ్రూ చదివే యూదుడికి అది ఎక్కడుందో వెతుక్కోవడమే పెద్ద పని అయ్యేది. ఐజాక్ నాథన్ అనే రబ్బీ 1437లో మొదలుపెట్టి సుమారు పదేళ్లు కూర్చుని హీబ్రూ బైబిల్‌కి పదాల సూచిక తయారుచేశాడు, అందులో లాటిన్ బైబిల్ అధ్యాయాలనే వాడాడు. వాదంలో జవాబు చెప్పుకోవడానికి యూదులే అవతలివాళ్ల అంకెలు తీసుకున్నారన్నమాట. తరువాత వెనిస్‌లో డేనియల్ బోంబెర్గ్ ముద్రణాలయం నుంచి వచ్చిన హీబ్రూ బైబిళ్లతో ఆ అధ్యాయాలు స్థిరపడ్డాయి. కానీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్లేటప్పుడు కొన్ని చోట్ల గోడ ఒక వచనం అటో ఇటో జరిగింది. యెషయా తొమ్మిదిలో మనం చూసింది అదే.

ఇలా జరిగినప్పుడు చాలావరకు అంకె తేడా ఒక చోట మొదలై, ఆ అధ్యాయం చివరికి ఆగిపోతుంది. యోనాని చేప మింగిన వచనం మనకి 1:17, హీబ్రూలో 2:1. అందువల్ల యోనా ప్రార్థన అంతా అక్కడ ఒక అంకె ఎక్కువ, మూడో అధ్యాయంలో మళ్లీ సమానం. బేత్లెహేము గురించి మీకా 5:2 హీబ్రూలో 5:1. క్రిస్మస్‌కి నువ్వు తప్పకుండా వాడతావు గనుక ఇది గుర్తుపెట్టుకో. నువ్వు అడిగిన మలాకీ కూడా ఇంతే: మన నాలుగో అధ్యాయంలోని ఆరు వచనాలు హీబ్రూలో విడి అధ్యాయం కాకుండా 3:19 నుంచి 3:24 వరకు మూడో అధ్యాయంలోనే కొనసాగుతాయి. నీతి సూర్యుడు ఉదయించే మన 4:2 అక్కడ 3:20.

మలాకీ చివర ఇంకో విషయం ఉంది, మీవాళ్లలో ఎవరైనా అచ్చు పుస్తకం చూస్తే అడుగుతారు. కొన్ని హీబ్రూ ప్రతుల్లో చివరి వచనం అయ్యాక దానికి ముందున్న ఏలీయా వచనం మళ్లీ ఒకసారి కనిపిస్తుంది. అది అదనపు వచనం కాదు. ఆ గ్రంథం శాపం మాటతో ముగుస్తుంది కాబట్టి, గట్టిగా చదివేటప్పుడు దాని ముందు వచనాన్ని తిరిగి చదివి ముగించడం యూదుల అలవాటు. విలాపవాక్యాల చివర కూడా అలాగే చేస్తారు. దానికి వేరే అంకె లేదు.

నిజంగా మోసపోయే చోటు యోవేలు. మన బైబిల్‌లో మూడు అధ్యాయాలు, హీబ్రూలో నాలుగు. లాటిన్‌లోనూ మూడే ఉండేవి. వెనిస్‌లో 1524, 1525లో అచ్చయిన రెండో రబ్బీల బైబిల్‌లో నాలుగు చేశారు. "సర్వజనులమీద నా ఆత్మను కుమ్మరింతును" అన్నది మనకి 2:28. పెంతెకొస్తు రోజున పేతురు ఎత్తి చెప్పింది అదే. అది హీబ్రూలో 3:1. అక్కడినుంచి ఐదు వచనాలే ఒక అధ్యాయం. మన మూడో అధ్యాయం అంతా అక్కడ నాలుగోది. ఇందులో ప్రమాదం ఏంటంటే, మలాకీ 4:2 కోసం హీబ్రూలో వెతికితే ఆ అధ్యాయమే లేదు కాబట్టి ఏదో తేడా ఉందని వెంటనే తెలుస్తుంది. కానీ యోవేలు 3:1 రెండింట్లోనూ ఉంది. ఒక దాంట్లో ఆత్మ కుమ్మరింపు, ఇంకో దాంట్లో యూదా యెరూషలేముల చెర గురించిన మాట. ఏదో వ్యాఖ్యానంలో "యోవేలు 3:1 పరిశుద్ధాత్మ గురించి చెబుతుంది" అని చదివి, మన బైబిల్ తెరిచి, సంబంధం లేని మాట చూసి, రాసినాయనకి బైబిలే రాదు అనుకునేవాళ్లున్నారు. ఆయన హీబ్రూ అంకె వాడాడు, అంతే. ఇక్కడా లెక్క సరిపోతుంది చూడు: మనకి 20, 32, 21 కలిపి 73. అక్కడ 20, 27, 5, 21 కలిపి 73.

ఇక కీర్తనల సంగతి వేరు. ఇక్కడ గోడ జరగలేదు, పైన ఉన్న శీర్షికని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నదే తేడా. మన తెలుగు బైబిల్‌లో 51వ కీర్తన తెరిస్తే మొదట ప్రధానగాయకునికి అని, నాతాను ప్రవక్త దావీదు దగ్గరికి వచ్చిన సందర్భం అని అంకె లేకుండా ఉంటుంది, తరువాత ఒకటో వచనం. మసోరా పండితులకి ఆ శీర్షిక కూడా కీర్తనలో భాగమే. అందుకే దాని చివరా రెండు చుక్కలు పెట్టారు. ఈ కీర్తనలో అయితే రెండు చోట్ల పెట్టారు, ప్రధానగాయకునికి దావీదు కీర్తన అనేది ఒక వచనం, నాతాను సంగతి ఇంకో వచనం. కాబట్టి "దేవా, నన్ను కరుణింపుము" అనే మన ఒకటో వచనం అక్కడ మూడోది. "నాయందు శుద్ధహృదయము కలుగజేయుము" మనకి 51:10, అక్కడ 51:12. చివర 19కి రెండు కలిపితే నువ్వు చూసిన 21. ఎక్కువ వచ్చిన మాటలు ఏమీ లేవు, మనం అంకె వేయని రెండు ముక్కలకి వాళ్లు వేశారు.

రెండు అంకెల తేడా ఉండే కీర్తనలు నాలుగే: 51, 52, 54, 60. శీర్షిక విడి వచనంగా ఉన్న మిగతా వాటిలో ఒక్క అంకె తేడా. 3వ కీర్తన మనకి 8 వచనాలు, అక్కడ 9. మొత్తం కీర్తనల గ్రంథంలో హీబ్రూ లెక్క 2527, ఇంగ్లీషు లెక్క 2461.

మరి ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తెలియలేదు అంటావా? మన పిల్లలకి సండే స్కూల్లో కంఠతా పట్టించేవి 23, 91, 100, 103, 121 లాంటివి. 91కి శీర్షికే లేదు. మిగతా వాటికి ఉన్న శీర్షిక చిన్నది, దాన్ని హీబ్రూలో విడి వచనం చేయకుండా మొదటి వచనంలోనే కలిపేశారు. "యెహోవా నా కాపరి" రెండింట్లోనూ 23:1. అందుకే బాగా తెలిసిన కీర్తనల్లో తేడా కనబడదు, 51 దగ్గరికి వచ్చినప్పుడే ఉలిక్కిపడతాం. అలాగని చిన్న శీర్షిక అంటే కలిపేస్తారు, పెద్దదైతే విడదీస్తారు అని గట్టి నియమం చేసుకోకు. 51లో మొదటి వచనం హీబ్రూలో మూడే మాటలు. 90వ కీర్తనలో దైవజనుడైన మోషే ప్రార్థన అన్న శీర్షిక అంతకంటే పొడుగు, అయినా అది మొదటి వచనంలోనే కలిసిపోయింది. తెరిచి చూసుకోవడం ఒక్కటే దారి.

ఇంకో చిక్కు. చివరి అంకె చూసి పోల్చుకుంటే చాలనుకోవద్దు. 13వ కీర్తనలో రెండు లెక్కల్లోనూ 6 వచనాలే. చూడగానే సమానం అనిపిస్తుంది. కానీ హీబ్రూలో శీర్షిక ఒకటో వచనం, కాబట్టి మన 1 అక్కడ 2, మన 4 అక్కడ 5. చివరికి వచ్చేసరికి మన 5, 6 రెండూ కలిసి అక్కడ ఒకే వచనం. మధ్యలో అన్నీ జరిగి, ఆఖర్లో లెక్క సరిపోయింది.

ఇప్పుడు నీ గ్రూపులో "యూదులు, మనవాళ్లు" అని రెండు జట్లుగా వాదిస్తున్నారు చూడు, అక్కడే పొరపాటు ఉంది. కీర్తనల శీర్షికకి అంకె వేసేది యూదులు ఒక్కరే కాదు. లాటిన్ బైబిల్‌లోనూ వేశారు. జర్మన్‌లో లూథర్ బైబిల్ చదివే ప్రొటెస్టెంట్లు కూడా శుద్ధహృదయం వచనాన్ని 51:12 అనే అంటారు. అమెరికా కాథలిక్కుల బైబిల్ కీర్తనల్లోనూ, యోవేలులోనూ, మలాకీలోనూ హీబ్రూ అంకెలే వాడుతుంది. శీర్షికని అంకె లేకుండా పైన పెట్టింది 1560 జెనీవా బైబిల్, ఆ తరువాత 1611 కింగ్ జేమ్స్ లాంటి ఇంగ్లీషు బైబిళ్లు. మన తెలుగు బైబిల్ ఆ ఇంగ్లీషు అంకెల దారిలోనే నడిచింది. కాబట్టి ఇది క్రైస్తవుల లెక్క అనడం కంటే ఇంగ్లీషు బైబిళ్ల లెక్క అనడం సరిగ్గా ఉంటుంది. పాత కాథలిక్ పుస్తకాల్లో ఆ వచనమే 50:12 అని కనిపిస్తే కంగారు పడకు. లాటిన్, గ్రీకు బైబిళ్లలో 9, 10 కీర్తనలు కలిపి ఒకటే గనుక అక్కడినుంచి చాలావరకు కీర్తన నంబరే ఒకటి తగ్గుతుంది. 51:10, 51:12, 50:12, మూడూ దావీదు చేసిన ఒకే ప్రార్థన.

హీబ్రూ ప్రతులే ఒకదానితో ఒకటి కలవని చోటు కూడా ఉంది, పది ఆజ్ఞల దగ్గర. నిర్గమకాండము 20లో నరహత్య, వ్యభిచారం, దొంగతనం, అబద్ధసాక్ష్యం మనకి 13 నుంచి 16 వరకు నాలుగు వచనాలు. కొన్ని యూదుల ప్రతుల్లో నాలుగూ కలిపి 20:13, ఆశింపకూడదు అన్నది 20:14, అధ్యాయం 26 బదులు 23తో ముగుస్తుంది. ఎందుకంటే ఆ ఆజ్ఞలకి హీబ్రూలో రెండు రకాల స్వరాల గుర్తులున్నాయి. సమాజమందిరంలో అందరి ముందు చదివేటప్పుడు ఒక్కో ఆజ్ఞ ఒక్కో వచనంగా చదువుతారు. మామూలు పద్ధతిలో అయితే ఈ నాలుగు చిన్న ఆజ్ఞల్ని ఒక్క వచనంగా కలిపేస్తారు. అచ్చు వేసినవాళ్లు ఏ పద్ధతి ప్రకారం అంకెలు వేస్తే అంకెలు అలా వచ్చాయి. ఒకే మతంవాళ్లు, ఒకే పాఠం, అయినా రెండు లెక్కలు. ఎవరో దాచారు అనేవాళ్లకి ఇంతకంటే మంచి జవాబు నాకు తోచదు.

నీ పనికి వస్తే, చేతిలో ఉన్న పుస్తకం ఏ లెక్కదో తెలుసుకోవడానికి ముందు మలాకీ తెరువు. మూడు అధ్యాయాలే ఉంటే అది హీబ్రూ లెక్క. కానీ కీర్తనలకి మలాకీని నమ్మకు, 51వ కీర్తన చివరి అంకె కూడా చూడు, ఎందుకంటే కొన్ని బైబిళ్లు ఒక చోట ఒక లెక్క, ఇంకో చోట ఇంకో లెక్క వాడతాయి. సెఫారియా సైట్‌లో హీబ్రూ అంకెలుంటాయి, నువ్వు చూసింది అదే కావచ్చు. హీబ్రూ మాట కింద ఇంగ్లీషు మాట పెట్టి చూపించే పుస్తకాలు, యాప్‌లు కొన్ని హీబ్రూ పాఠాన్నే ఇంగ్లీషు అంకెల కింద సర్దేస్తాయి. అక్కడ హీబ్రూ అక్షరాలు కనిపించాయి కదా అని హీబ్రూ అంకె అనుకోవద్దు. స్ట్రాంగ్స్ కాంకార్డెన్స్ కింగ్ జేమ్స్ అంకెలే ఇస్తుంది. మంచి వ్యాఖ్యానాల్లో అయితే రెండు అంకెలూ పక్కపక్కనే వేస్తారు, ఏది బ్రాకెట్లో ఉందో పుస్తకం ముందుమాటలో చెబుతారు, ఆ ఒక్క పేజీ చదవకుండా మాత్రం మొదలుపెట్టకు.

ఆదివారం ఇచ్చే కాగితం మీద కూడా అలాగే రాయి: యెషయా 9:6 (హీబ్రూలో 9:5), మలాకీ 4:2 (హీబ్రూలో 3:20), కీర్తన 51:10 (హీబ్రూలో 51:12). ఇద్దరి చేతా చెరొక బైబిల్ తెరిపించి యెషయా ఎనిమిది, తొమ్మిది అధ్యాయాల వచనాలు లెక్కపెట్టించు. ఇద్దరికీ 43 వచ్చాక అప్పుడు 9:5 చదివించు.